అడవి అంతే ఉంది, కోర్ మాత్రం సగమైంది: రాజురా మ్యాపులో ఏం జరిగింది?

వార్ధా ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలో చంద్రాపూర్ జిల్లా రాజురా. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం రాజురా, జివతి తాలూకాల్లో అడవి ఎంత ముక్కలైందో లెక్కగడుతున్నాను. 2016కి ఒకటి, 2024కి ఒకటి సెంటినెల్-2 చిత్రాలు తీసుకున్నాను. రెండూ 10 మీటర్ల పిక్సెల్. అడవి, పొలం, ఊరు, నీళ్లు, గని అని వర్గీకరించి, తాలూకా హద్దులకు కత్తిరించి, ఆర్‌లోని `landscapemetrics` ప్యాకేజీలో వేశాను.

అడవి విస్తీర్ణం రెండు సంవత్సరాలకూ దాదాపు ఒకటే వచ్చింది. `lsm_c_tca`, అంటే అంచుకు దూరంగా లోపల ఉన్న అడవి, కోర్, మాత్రం సగానికి పడిపోయింది. అంచు ప్రభావం 100 మీటర్ల లోపలి దాకా ఉంటుందనుకుని `edge_depth = 10`, అంటే పది పిక్సెళ్లు, ఇచ్చాను. ఇంకో వింత కూడా ఉంది. `lsm_c_enn_mn`, అంటే ఒక్కో ముక్కకు దాని దగ్గరి ముక్క సగటున ఎంత దూరంలో ఉందో చెప్పేది, అది కూడా తగ్గింది. కోర్ సగం పోయిందంటే అడవి చెడిపోయినట్టు. దూరం తగ్గిందంటే ముక్కలు దగ్గరైనట్టు. రెండూ ఒకేసారి ఎలా? సోమవారం మా గైడ్ గారికి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

బల్లార్షా వాలా

చెల్లెమ్మా, కోర్ సంగతి వింతేం కాదు. మంచిర్యాల–చంద్రాపూర్ హైవే నాలుగు వరసలైంది కదా, దాని దెబ్బే. హైదరాబాద్‌లో జీఐఎస్ కంపెనీలో పనిచేసినప్పుడు ఇలాంటివి చాలా చూశాను.

కాగితం మీద వేసి చూడు. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న అడవి అంటే 100 హెక్టార్లు. నాలుగు వైపులా 100 మీటర్లు అంచుకు వదిలేస్తే లోపల 800 బై 800, అంటే 64 హెక్టార్ల కోర్. ఇప్పుడు నడిమధ్యలో 20 మీటర్ల రోడ్డు వేశారు. అడవి పోయింది 2 హెక్టార్లే. మిగిలినవి 490 బై 1000 ముక్కలు రెండు. ఒక్కో దాంట్లో కోర్ 290 బై 800, రెండూ కలిపి 46.4 హెక్టార్లు. అంటే 2 హెక్టార్ల చెట్లు కొడితే 17 హెక్టార్లకు పైగా కోర్ పోయింది. అంచు లోతు 300 మీటర్లు పెట్టావంటే ముందున్న 16 హెక్టార్ల కోర్ కాస్తా సున్నా అవుతుంది, ఎందుకంటే 490 మీటర్ల ముక్కలో రెండు వైపులా 300 తీస్తే ఏమీ మిగలదు.

కాబట్టి నీ లెక్క నిజమే, ధైర్యంగా రాసెయ్. 100 మీటర్లు స్టాండర్డ్, అది మార్చకు.

సిరొంచ రైతు

కోర్ సగమైందంటే పులుల ప్రాజెక్టు కోర్ ఏరియానేనా? తాడోబా కోర్ 625 చదరపు కిలోమీటర్లని విన్నాను. అది తగ్గిస్తే బఫర్‌లో ఉన్న ఊళ్లను ఏం చేస్తారు? మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మా మిరప చేను అడవిని ఆనుకునే ఉంది.

వార్ధా ఒడ్డు

అది కాదు కాకా. తాడోబా కోర్ అనేది సర్కారు నోటిఫికేషన్‌తో గీసిన హద్దు. నేను లెక్కగట్టేది అడవి ముక్కలో అంచుకు దూరంగా ఉన్న లోపలి భాగం. ఏ అడవికైనా, ఎక్కడైనా లెక్క వేయొచ్చు. మీ ఊరికి దీంతో సంబంధం లేదు.

పిక్సెల్ పంతులు

బల్లార్షా అన్న గుణకారం తప్పు లేదు. కానీ ఆ రోడ్డు 2016లో లేదా? ఉంది, రెండు వరసలది. కొత్త రోడ్డు పడితేనే 17 హెక్టార్ల దెబ్బ. ఉన్న రోడ్డును 10 మీటర్ల నుంచి 45 మీటర్లకు వెడల్పు చేస్తే అంచు ఇరువైపులా 17, 18 మీటర్లు లోపలికి జరుగుతుంది, అంతే. దానికి మొత్తం కోర్ సగం కాదు.

కానీ అన్న చెప్పింది వేరే దారిలో నిజం అయ్యే అవకాశం ఉంది. రెండు వరసల రోడ్డు మీద చెట్ల కొమ్మలు వాలి ఉంటే 10 మీటర్ల పిక్సెల్‌లో అది అడవిగానే పడుతుంది. నాలుగు వరసలయ్యాక కనబడుతుంది. అప్పుడు మీ మ్యాపు "కొత్త రోడ్డు" అని చదువుకుంటుంది. అంటే తగ్గుదలలో కొంత 2016 మ్యాపు గుడ్డితనం నుంచి వచ్చి ఉంటుంది.

అయినా నాకు అసలు అనుమానం వేరే. రెండు ప్రశ్నలు అడుగుతాను. 2016 చిత్రం ఏ నెలది, 2024ది ఏ నెలది? కోర్ మ్యాపును దగ్గరగా చూశారా, లేక పట్టికలో అంకె మాత్రమే చూశారా?

వార్ధా ఒడ్డు

2016ది నవంబరు. 2024లో మేఘాలు లేని చిత్రం మార్చి చివర్లో దొరికింది, అది వాడాను.

కోర్ మ్యాపు ఇప్పుడే తెరిచాను సార్. 2016లో పెద్ద పెద్ద ముద్దలుగా ఉంది. 2024ది జల్లెడలా ఉంది. రోడ్డు పక్కనే కాదు, జివతి వైపు గుట్టల మీద, ఏ రోడ్డూ లేని చోట కూడా వజ్రం ఆకారపు చిల్లులు.

తునికాకు

మార్చి చివర అంటే టేకు ఆకంతా రాల్చేసి ఉంటుంది కదమ్మా. నేను అటవీ శాఖలో చేసి రిటైరయ్యాను, ఎక్కువ కాలం విరూర్ వైపు. ఆ రోజుల్లో టేకు ప్లాంటేషన్‌లో నిలబడితే ఎండ నెత్తి మీదే, కింద ఎండుటాకు, దాని కింద నేల. శాటిలైట్‌కు అది బీడు భూమిలా కనబడితే దాని తప్పేం లేదు. నవంబరులో అదే చోటు పచ్చగా ఉంటుంది.

ఇంకో రెండు కూడా చూడు. ఫిబ్రవరిలోగా ఫైర్ లైన్లు కాల్చి శుభ్రం చేస్తారు. అవి తిన్నటి గీతల్లా ఉంటాయి, రోడ్డని భ్రమ పడతావు. మార్చి నుంచి ఇప్పపూలు ఏరుకునే వాళ్లు చెట్టు కింద ఆకు కాలుస్తారు, పువ్వు కనబడాలని. ఆ నల్ల మచ్చలు కూడా నీ మ్యాపులో అడవి కాకుండా పోతాయి.

పిక్సెల్ పంతులు

నేను అడగాలనుకున్నది బాబాయ్ చెప్పేశారు.

ఆ చిల్లులు ఆ ఆకారంలో ఎందుకున్నాయో చూడండి. అడవి మధ్యలో ఒక్క పిక్సెల్ తప్పుగా "పొలం" అని పడింది అనుకుందాం. విస్తీర్ణంలో పోయింది 0.01 హెక్టారు. కానీ దాని చుట్టూ 100 మీటర్ల దాకా ఉన్నదంతా ఇప్పుడు అంచే. ఈ ప్యాకేజీ అంచును నాలుగు దిక్కుల పొరుగుతోనే లోపలికి జరుపుతుంది కాబట్టి ఆ చిల్లు వజ్రం ఆకారంలో 2 హెక్టార్లకు పైనే. ఒకదానికొకటి దూరంగా ఇలాంటి పిక్సెళ్లు వంద పడితే, అడవి ఒక్క హెక్టారు తగ్గుతుంది, కోర్ 200 హెక్టార్లకు పైగా పోతుంది. మీ పట్టికలో "అడవి అంతే, కోర్ సగం" అన్నది అచ్చంగా ఇదే ఆకారం. నిజంగా అడవి ముక్కలైతే తగ్గుదల రోడ్ల వెంట, పొలాల వెంట, గనుల చుట్టూ పట్టీలుగా కనబడాలి. చుక్కలు చుక్కలుగా కనబడితే అది వర్గీకరణ చెత్త.

ముందు రెండు సంవత్సరాలకూ అక్టోబరు చివర, నవంబరు చిత్రాలే తీసుకోండి. ఒక్క రోజు చిత్రం దొరక్కపోతే ఆ రెండు నెలల చిత్రాలన్నిటి మధ్యస్థ విలువతో ఒక కాంపోజిట్ చేయండి. తర్వాత అర హెక్టారు కంటే చిన్న మచ్చలను తీసేయండి. రోడ్లూ రైలు పట్టాలూ దాని తర్వాతే, రెండు సంవత్సరాల మ్యాపులకూ విడిగా వేయండి. ఈ వరస ముఖ్యం. రోడ్లు ముందే వేసి తర్వాత జల్లించారంటే సన్నటి గీతలు తెగిన చోట చిన్న ముక్కలై చెత్తతోపాటు అవీ కొట్టుకుపోతాయి.

```r
library(terra)
lc <- rast("lc_2024.tif")       # EPSG:32644, 10 m
lc <- sieve(lc, threshold = 50, directions = 8)
rd <- rasterize(vect("roads_rail.gpkg"), lc,
                field = 9, touches = TRUE)
lc <- cover(rd, lc)
```

50 అంటే 50 పిక్సెళ్లు, 10 మీటర్ల పిక్సెల్‌కు అర హెక్టారు.

బల్లార్షా వాలా

ఆకు రాలే సంగతి నాకు తట్టలేదు, మంచి పాయింటు. కానీ జల్లిస్తే నిజంగా ఉన్న చిన్న చిన్న పోడు చేన్లు, గుడిసెలు కూడా పోవా? జివతి గుట్టల్లో అర ఎకరం, ఎకరం చేన్లు బోలెడు. అప్పుడు కోర్ ఎక్కువ చూపిస్తుంది. ఇంకోటి, `touches = TRUE` ఎందుకు? రోడ్డు లావైపోతుంది కదా. నేను ఎప్పుడూ వాడలేదు.

పిక్సెల్ పంతులు

మొదటిది నిజం, దానికి సరైన మందు లేదు. అర హెక్టారు అంటే ఎకరంపావు. అంతకంటే చిన్న చేను మాయమవుతుంది. ఆ చేన్లు మీకు ముఖ్యమైతే గూగుల్ ఎర్త్‌లో చూసి చేత్తో గీసి, రోడ్లతోపాటు జల్లెడ తర్వాత వేసుకోవాలి. 20 పిక్సెళ్లతో ఒకసారి, 50తో ఒకసారి చేసి తేడా ఎంతో రిపోర్టులో చెప్పడం నిజాయితీ.

రెండోది. ఏటవాలుగా పోయే రోడ్డును మామూలుగా రాస్టర్ చేస్తే పిక్సెళ్లు మూలమూలన మాత్రమే తగులుతూ మెట్లలా దిగుతాయి. `landscapemetrics` ముక్కలను గుర్తించేటప్పుడు ఎనిమిది దిక్కుల పొరుగును లెక్కలోకి తీసుకుంటుంది, `directions = 8` అన్నది అప్పటికే పెట్టి ఉంటుంది. రోడ్డు పిక్సెళ్లు మూలన కలిసే చోట, అదే మూలలో అటు అడవి పిక్సెల్, ఇటు అడవి పిక్సెల్ కూడా కలుస్తాయి. ప్యాకేజీ లెక్కలో అడవి రోడ్డును దాటేసింది. మీరు నాలుగు వరసల హైవే గీసినా రెండు వైపులా ఒకే ముక్క అని చెబుతుంది. `touches = TRUE` ఇస్తే గీత తగిలిన ప్రతి పిక్సెల్‌ నిండుతుంది, ఆ మూలలు మూసుకుంటాయి. రోడ్డు కాస్త లావవుతుంది, నిజమే. ఆ పది మీటర్ల కంటే అడవి ఇలా మూలల్లోంచి కారడమే పెద్ద నష్టం.

పరీక్ష సులువు. `patches(lc == 1, directions = 8, zeroAsNA = TRUE)` చేసి హైవేకు రెండు పక్కలా రంగు మారిందో లేదో చూడండి. మారకపోతే ఎక్కడో కారుతోంది. వంతెన దగ్గర గీత తెగి ఉండొచ్చు, వెతకండి.

సిరొంచ రైతు

మీరంతా అడవి లోపలికి అంచు ఎంత దూరం వస్తుందో మాట్లాడుతున్నారు. మరి అడవి అంచు మా చేనులోకి ఎంత దూరం వస్తుందో ఎవరైనా లెక్క వేశారా? పందులు మిరప, పత్తి దున్నేస్తాయి. పోయిన సీజన్‌లో పంచనామాకు తలాఠీ, ఫారెస్టు గార్డు, వ్యవసాయ సహాయకుడు ముగ్గురూ ఒకే రోజు రావాలన్నారు. ముగ్గురూ కుదిరేసరికి మొక్కలు ఎండిపోయి ఏది పంది తిన్నదో ఏది ఎండకు పోయిందో తెలియలేదు.

తునికాకు

తమ్ముడూ, నీ మాట ఇక్కడికి సంబంధం లేనిదేం కాదు. అంచు పొడవు పెరిగే కొద్దీ అడవిని ఆనుకున్న చేన్లూ పెరుగుతాయి. నష్టం జరిగిన రోజే ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఫోటోలు తీసి పెట్టుకో, తేదీ పడుతుంది.

నాకు మీ 100 మీటర్ల మాట మీద అభ్యంతరం ఉంది. ప్రాణహిత ఒడ్డున ఉన్న అడవి అంచు, హైవే పక్కన ఉన్న అడవి అంచు, సిమెంటు ఫ్యాక్టరీ సున్నపురాయి గని పక్కన ఉన్న అడవి అంచు, అన్నీ ఒకటేనా? నది ఒడ్డున అడవి లోపలికి ఏ చెడూ పోదు, పైగా ఎండాకాలంలో జంతువులన్నీ అక్కడికే దిగుతాయి. ఊరి పక్కన మాత్రం పశువులు పొద్దున లోపలికి పోతే సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరం పోతాయి. అవి తొక్కిన చోట వెదురు పిలకలు లేవవు, లంటానా లేస్తుంది. నిప్పు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. నేను చూసిన అంచు అది. 100 మీటర్ల దగ్గర గీత గీసినట్టు ఆగేది ఏదీ లేదు.

పిక్సెల్ పంతులు

బాబాయ్ మాటే ఈ చర్చ మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చింది.

100 మీటర్లు ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెబుతాను. బ్రెజిల్‌లో మనావుస్ దగ్గర 1979లో థామస్ లవ్‌జాయ్ మొదలుపెట్టిన ప్రయోగం ఉంది. అడవి కొట్టి 1, 10, 100 హెక్టార్ల ముక్కలు వదిలి ఏళ్ల తరబడి కొలిచారు. తేమ తగ్గడం, ఎండ లోపలికి రావడం లాంటివి చాలావరకు మొదటి 100 మీటర్లలోనే కనబడ్డాయి. గాలికి చెట్లు పడిపోవడం 300 మీటర్ల దాకా పోయింది. కానీ అది ఏడాది పొడవునా పచ్చగా, లోపల చీకటిగా ఉండే వానల అడవి. మన టేకు అడవిలో ఏప్రిల్ వచ్చిందంటే లోపలా ఎండే, బయటా ఎండే. గాలి, తేమ విషయంలో అంచుకూ లోపలికీ తేడా మనకు వాళ్లంత ఉండకపోవచ్చు. నిప్పు, పశువులు, కట్టెలు, లంటానా విషయంలో మాత్రం 100 మీటర్లు చాలా తక్కువ. కాబట్టి బల్లార్షా అన్నా, "స్టాండర్డ్" అన్నది ఏదీ లేదు. ఏ ప్రభావాన్ని కొలుస్తున్నామో ముందు చెప్పాలి, తర్వాతే మీటర్లు.

నది సంగతికి వస్తే, ఈ ప్యాకేజీ అడవి కానిది ఏదైనా అంచే అనుకుంటుంది. నీళ్లయినా, గని అయినా దానికి ఒకటే. అందుకని నేను కోర్‌ను దూరం నుంచి నేరుగా తీస్తాను. పొలం, ఊరు, గని, రోడ్డు ఉన్న పిక్సెళ్ల నుంచి మాత్రమే దూరం కొలిస్తే నది అంచు దానంతట అదే లెక్కలోంచి పోతుంది.

```r
hard <- ifel(lc %in% c(2, 3, 5, 9), 1, NA)
d    <- distance(hard)
core <- lc == 1 & d > 100
```

చివరి గీతలో 100 బదులు 50, 300, 1000 పెట్టి నాలుగు సార్లు చేయండి. 2016కీ 2024కీ మధ్య తేడా నాలుగింటిలోనూ ఒకే దిక్కున ఉంటే మీ మాట గట్టిది. 100 దగ్గర మాత్రమే ఉంటే అనుమానించాలి.

పెద్దవాగు

నేను ఆసిఫాబాద్ వైపు. మొదటి పోస్టులో ఒక మాట ఎవరూ పట్టుకోలేదు: "తాలూకా హద్దులకు కత్తిరించి". అక్కా, మీ జివతి అడవి హద్దు దగ్గర ఆగిపోదు, మా వైపు కెరమెరి, వాంకిడి దాకా ఉంది. మీరు రాష్ట్ర సరిహద్దు మీద కత్తెర వేస్తే, నిజంగా అడవి నడిమధ్య ఉన్న చోటు మ్యాపులో అంచు అవుతుంది. పెద్ద ముక్క ఒకటి సగానికి తెగి రెండు చిన్న ముక్కలవుతుంది. రెండోది మీ లెక్కలోనే ఉండదు.

పైగా ఏ సరిహద్దు? ఆ గుట్టల మీద పరండోలి, ముకదంగూడ లాంటి ఊళ్లను రెండు రాష్ట్రాలూ మావే అంటాయి, అక్కడి వాళ్లకు రెండు వైపులా ఓట్లున్నాయి. ఒక్కో షేప్‌ఫైల్‌లో గీత ఒక్కో చోట ఉంటుంది.

పిక్సెల్ పంతులు

చాలా సరైన మాట, నేనే ముందు అడగాల్సింది. ప్యాకేజీలో `consider_boundary = FALSE` అని ఉంటుంది, ఏమీ ఇవ్వకపోతే మ్యాపు అంచును కూడా అడవి అంచుగానే లెక్కేస్తుంది. `TRUE` ఇచ్చినా తెగిన ముక్క విస్తీర్ణం తిరిగి రాదు.

సరిహద్దుకు అవతల 20, 30 కిలోమీటర్లు కలుపుకుని మొత్తం వర్గీకరించండి. సెంటినెల్‌కు రాష్ట్రాలు లేవు. కోర్, ముక్కలు, దూరాలు అన్నీ ఆ పెద్ద మ్యాపు మీద లెక్కగట్టి, చివర్లో పట్టిక కోసం మాత్రమే తాలూకాకు కత్తిరించండి.

వార్ధా ఒడ్డు

రెండు రోజులు పట్టింది. నవంబరు కాంపోజిట్లు, జల్లెడ, రోడ్లు రెండు సంవత్సరాలకూ, ఆసిఫాబాద్ వైపు కలిపి, అన్నీ మళ్లీ చేశాను. కోర్ తగ్గింది కానీ సగం కాదు, చాలా తక్కువ. తగ్గిన చోట్లు ఇప్పుడు గనుల పక్కన, హైవే వెంట పట్టీలుగా కనబడుతున్నాయి. 50, 100, 300కి ఒకే కథ. 1000 పెట్టినప్పుడు రెండు సంవత్సరాల్లోనూ కోర్ ఎంత తక్కువంటే తేడా చెప్పలేకపోతున్నాను.

ముక్కల మధ్య సగటు దూరం మాత్రం ఇప్పటికీ తగ్గే చూపిస్తోంది. దీన్నేం చేయాలి?

పిక్సెల్ పంతులు

దాన్ని పక్కన పెట్టేయండి, అది మీ ప్రశ్నకు జవాబు కాదు. రెండు ముక్కలున్నాయి, మధ్య 3 కిలోమీటర్లు. సగటు 3000 మీటర్లు. అందులో ఒకదాని మధ్య నుంచి రోడ్డు పోయి రెండైంది. ఆ రెండింటికీ మధ్య 40 మీటర్లే. ఇప్పుడు సగటు 40, 40, 3000 కలిపి మూడుతో భాగిస్తే 1027. అడవి తెగింది, సగటు దూరం మూడో వంతుకు పడిపోయింది. ప్రతి కొత్త రోడ్డుకూ ఈ అంకె "మెరుగవుతుంది".

అడవి ముక్కలు ఒకదానికొకటి అందుబాటులో ఉన్నాయా అన్నది కావాలంటే, ముక్క ఎంత పెద్దదో, జంతువు ఎంత దూరం దాటగలదో రెండూ ఉండాలి. సౌరా, పాస్కువల్-హోర్తాల్ 2007లో చెప్పిన కనెక్టివిటీ సంభావ్యత అదే. కోనెఫోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది, చిన్నదైతే చేత్తోనే చేయొచ్చు.

40, 30 చదరపు కిలోమీటర్ల ముక్కలు రెండు, మధ్య 9 కిలోమీటర్లు. నడుమ 2 చదరపు కిలోమీటర్ల చిన్న అడవి, అటు 4, ఇటు 4. జంతువు 5 కిలోమీటర్లు దాటే అవకాశం సగం అనుకుందాం. నేరుగా 9 కిలోమీటర్లు దాటే అవకాశం 0.29. చిన్న అడవిలో ఆగి పోతే 0.57ను 0.57తో గుణించాలి, 0.33. ప్రతి ముక్కను దానితోనే ఒకసారి, ప్రతి జతను అటూ ఇటూ రెండు సార్లు తీసుకుని విస్తీర్ణాలను అవకాశంతో గుణించి కూడితే చిన్న అడవి ఉన్నప్పుడు 3457, తీసేస్తే 3189. విస్తీర్ణంలో దాని వాటా 3 శాతం లోపే, తీసేస్తే కనెక్టివిటీ దాదాపు 8 శాతం పోయింది. అదే కిలోమీటరుకే అవకాశం సగమైపోయే చిన్న జంతువుకు చేస్తే నష్టం 1 శాతమే. దానికి ఆ చిన్న అడవి దాకా చేరడమే కుదరదు.

కాబట్టి ముందు ఏ జంతువు కోసమో తేల్చుకోండి.

బల్లార్షా వాలా

ఇక్కడ నాకు ఒప్పుదల కాదు. 2019లో తిప్పేశ్వర్ నుంచి బయల్దేరిన కాలర్ పులి తెలంగాణలోకి కూడా పోయి, పొలాలూ రోడ్లూ దాటుకుంటూ 1300 కిలోమీటర్లకు పైగా నడిచి జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. ఆ పులికి మీ 5 కిలోమీటర్ల లెక్క ఎలా సరిపోతుంది? నడవగలిగిన పులి ఎంత దూరమైనా పోతుంది. తాడోబాకూ కవ్వాల్‌కూ మధ్య కనెక్టివిటీ ఉన్నట్టే.

తునికాకు

ఒక మగ పిల్ల పులి నడిచిందని దారి ఉన్నట్టు కాదు బాబూ. ఆడపులి పుట్టిన చోటికి దగ్గరలోనే స్థిరపడుతుంది, అంత దూరం పోదు. అది ఇవతలి నుంచి అవతలికి చేరి పిల్లలను పెడితేనే నిజంగా కలిసినట్టు.

పొలాల సంగతి ఇంకోటి. దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి, కంది నడుము ఎత్తు ఉంటాయి, వాటిలో నుంచి పులి పోతే నీకు కనబడదు. పత్తి కట్టె పీకేశాక అదే చేను బోడి నేల. నీ మ్యాపులో అది ఏడాదంతా "పొలం" ఒకటే రంగు. నవంబరు చిత్రం అడవికి మంచిదన్నాం, కానీ దాటడానికి వేసవి కదా కష్టం.

పిక్సెల్ పంతులు

మీ ఇద్దరి మాటలోనూ బలం ఉంది, నేను కూడా తేల్చలేను. మగ పులికి 5 కిలోమీటర్లు తక్కువే, ఒప్పుకుంటాను. వాటి కోసం చేస్తే దూరం బదులు దాటడానికి పడే కష్టాన్ని ఒక్కో వర్గానికి అంకెగా ఇచ్చి సర్క్యూట్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడపాలి. పత్తి చేనుకు ఒక అంకె నవంబరులో, ఇంకో అంకె ఏప్రిల్‌లో. ఆ అంకెలు ఎవరిస్తారన్నదే చిక్కు. కాలర్ డేటా చేతిలో లేకుండా ఇచ్చే అంకెలు మన ఊహలే.

పెద్దవాగు

ఊహ అంకెలతో గీసిన మ్యాపుకు మా వైపు బరువు ఎక్కువ. 2025లో కుమ్రం భీం కన్సర్వేషన్ రిజర్వ్ అని జీవో 49 వచ్చింది, కవ్వాల్–తాడోబా కారిడార్ పేరు మీద. ఊళ్లలో గొడవలయ్యాక నిలిపి పెట్టారు. మీ రిపోర్టులో కారిడార్ అని ఎర్ర గీత గీస్తే దాని కింద ఏ ఊళ్లున్నాయో కూడా రాయండి అక్కా.

వార్ధా ఒడ్డు

ఎర్ర గీత గీయను. ఎలుగుబంటి కోసం ఒకసారి, ఆడపులి కోసం ఒకసారి రెండు దూరాలతో చేసి పక్కపక్కన పెడతాను. ఏ ముక్క తీసేస్తే ఎంత పోతుందో పట్టికగా ఇస్తాను. గైడ్ గారు మళ్లీ సగటు దూరమే అడిగితే పంతులు గారి 40, 40, 3000 చూపిస్తాను.

తునికాకు బాబాయ్, విరూర్ దగ్గర రైలు పట్టాల కింద జంతువులు దాటే కల్వర్టులు ఏవో మీకు తెలిసినవి చెప్పగలరా? మ్యాపులో పట్టా మొత్తం అడ్డుగోడ అయిపోయింది.

తునికాకు

వాగుల మీద ఉన్న వంతెనల కింద నుంచి పోతాయి, ఎండాకాలంలో నీళ్లు లేనప్పుడు. సన్న పైపు కల్వర్టుల్లో పందులు, నక్కలు తప్ప పెద్దవి దూరవు. ఆదివారం ఖాళీగా ఉంటే రా, మోటర్ సైకిల్ మీద పట్టా వెంబడి పోయి ఒక్కొక్కటీ చూపిస్తాను. జీపీఎస్ నువ్వే తెచ్చుకో.

సిరొంచ రైతు

ఈసారి పంచనామాకు ఇంకా రాలేదు.